పాలవ్యాను బ్రేకు ప్యాడ్లు : కూత ముందా, లైటు ముందా? ఆ తరువాత ఎంత దూరం?

పాల సేకరణకు సొంత వ్యాను పెట్టుకున్న సభ్య సంఘాల కార్యదర్శులు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "బ్రేకు దగ్గర కూత వస్తున్నది సార్, ఇంకా ఎన్నాళ్ళు నడపవచ్చు?" అని కొందరు అడుగుతారు. "మీటరులో ఎర్ర లైటు వెలుగుతున్నది, ప్యాడ్లు అయిపోయినట్టేనా?" అని మరికొందరు అడుగుతారు. రెండు ప్రశ్నలూ ఒకటిగానే కనిపించినా కూత చెప్పే సంగతి వేరు, లైటు చెప్పే సంగతి వేరు. లైటులోనూ రెండు రకాలు ఉన్నాయి. "ఎన్ని కిలోమీటర్లు" అన్న ప్రశ్నకు కూతగాని లైటుగాని జవాబు చెప్పదు. ఆ జవాబు సంఘం లాగ్ బుక్కులో ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో ఈ పాఠంలో చూద్దాం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో నేను చూసిన మూడు వాహనాల అనుభవాన్ని ఆధారంగా తీసుకుంటున్నాను. ఇక్కడ చెప్పేది ముందు చక్రాలకు డిస్కు బ్రేకు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకు ఉండే చిన్న పికప్ వ్యాన్ల గురించే. గాలి బ్రేకులు ఉండే పెద్ద పాల ట్యాంకర్లకు ఈ లెక్క పనికిరాదు.

ప్యాడు ఎలా అరుగుతుంది

ముందు చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెమే డిస్కు. దానికి లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి రెండు ప్యాడ్లు ఉంటాయి. పెడల్ తొక్కగానే బ్రేకు ఆయిలు ఒత్తిడికి కాలిపరులోని పిస్టను ముందుకు వచ్చి లోపలి ప్యాడును డిస్కుకు అదుముతుంది. అదే ఒత్తిడికి కాలిపరు మొత్తం తన పిన్నుల మీద వెనక్కు జరిగి బయటి ప్యాడును కూడా డిస్కు మీదికి లాగుతుంది. జరిగే ఆ పిన్నులను స్లయిడు పిన్నులంటారు. అవి సాఫీగా కదిలినంతకాలం రెండు ప్యాడ్లూ సమానంగా అరుగుతాయి. దుమ్ముపట్టి, గ్రీజు ఎండి అవి బిగుసుకుంటే మాత్రం భారమంతా లోపలి ప్యాడు మీదే పడుతుంది.

ప్యాడులో రెండు భాగాలు ఉన్నాయి. వెనుక ఉన్నది ఇనుప పలక. దాని మీద అతికించిన గరుకు పదార్థమే డిస్కును రాచుకుని బండిని ఆపుతుంది. కొత్తదానిలో ఆ పదార్థం మందం సుమారు 10, 11 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలిచేటప్పుడు చాలామంది ఇనుప పలకను కూడా కలిపి కొలిచి, "ఇంకా 7 మిల్లీమీటర్లు ఉంది" అని నిశ్చింతగా ఉంటారు. అందులో ఐదారు మిల్లీమీటర్లు పలకదే అయితే మిగిలిన ప్యాడు ఒకటి రెండు మిల్లీమీటర్లే. కాబట్టి పలకను వదిలి, గరుకు పదార్థాన్ని మాత్రమే కొలవాలి.

కూత పెట్టేది ఎవరు

చాలా ప్యాడ్లకు వెనుక పలక అంచున వంచిన చిన్న స్ప్రింగు రేకు ఒకటి ఉంటుంది. ప్యాడు మందంగా ఉన్నంతకాలం ఆ రేకు డిస్కుకు దూరంగానే ఉంటుంది. గరుకు పదార్థం అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి రేకు కొస డిస్కుకు తగిలి కీచుమని కూస్తుంది. దానికి కరెంటుతోగాని వైరుతోగాని పని లేదు. ప్యాడు పలచబడిందని చెప్పడానికే ఆ రేకును అక్కడ పెట్టారు.

అయితే బ్రేకు దగ్గర వచ్చే ప్రతి కూతా ఈ రేకుది కాదు. వాన కురిసిన మరునాటి ఉదయం డిస్కుకు పట్టిన సన్నని తుప్పు కూడా కూస్తుంది కాని, నాలుగైదుసార్లు బ్రేకు వేసేసరికి అది పోతుంది. ప్యాడు ముఖం వేడికి నున్నబడితే మెల్లగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే కూత వస్తుంది. రేకు కూత సాధారణంగా బ్రేకు తొక్కకపోయినా బండి నడుస్తుండగానే సన్నగా వినిపిస్తుంది. చక్రం వేగంతోపాటు అదీ హెచ్చుతుంది. పెడల్ తొక్కితే మారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కూసే రేకులూ ఉన్నాయి కనుక చెవి మీదే పూర్తిగా ఆధారపడకూడదు. అద్దాలు దించి, గోడ పక్కగా మెల్లగా నడిపి వింటే ఏ చక్రం నుంచి వస్తున్నదో తెలుస్తుంది. ఆ తరువాత చక్రం ఊడదీసి చూడవలసిందే.

మరొక మాట. గరుకు పదార్థం పూర్తిగా అయిపోయి ఇనుప పలకే డిస్కును రాచుకుంటే వచ్చేది కూత కాదు, గరగరమనే రాపిడి. అది పెడల్ కింద కాలికి కూడా తెలుస్తుంది. కూత ముందస్తు నోటీసు వంటిది. గరగర వచ్చేటప్పటికి గడువు దాటిపోయినట్టే.

పెనుకొండ వ్యాను కథ

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పెనుకొండ వైపు పల్లెల్లో పాలు సేకరించి హిందూపురం వైపు శీతలీకరణ కేంద్రానికి చేర్చే ఒక సంఘం వ్యాను ఉంది. అది రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతుంది. పోయేటప్పుడు 40 లీటర్ల క్యాన్లు 30 ఉంటాయి. పాలూ క్యానూ కలిపి ఒక్కొక్కటి సుమారు 50 కిలోలు వేసుకుంటే మొత్తం 1500 కిలోల బరువు అవుతుంది. ప్రతి పల్లెలోనూ ఆగాలి, మలుపుల దగ్గర ఆగాలి, స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా తొక్కాలి. ప్యాడ్లు అరిగేది ఇలాంటి దారిలోనే.

లాగ్ బుక్కులో ఈ వివరాలు ఉన్నాయి. ఓడోమీటరు 48,000 దగ్గర కొత్త ప్యాడ్లు వేశారు, మందం 11 మిల్లీమీటర్లు. 58,000 దగ్గర సర్వీసులో మెకానిక్కు కొలిచి 7 అని రాశాడు. 61,900 దగ్గర డ్రైవరు "ఎడమ ముందు చక్రం కూత" అని రాశాడు. నాలుగు రోజుల తరువాత "కూత తగ్గింది" అని రాశాడు. ఆ పైన ఏమీ లేదు. 63,820 దగ్గర "గరగర, బండి ఆపినాము" అని ఉంది.

నేను వెళ్ళినప్పుడు ఆ డ్రైవరు చెప్పింది ఇది: "కూసింది సార్, నాలుగు దినాలు కూసింది. మళ్ళా దానంతట అదే ఊరుకునింది. బాగైపోయిందిలే అనుకుంటిమి."

చక్రం విప్పి చూస్తే సంగతి తేలింది. లోపలి ప్యాడుకున్న కూత రేకు విరిగి పడిపోయింది. కూత ఆగిపోవడానికి కారణం అదే. ప్యాడు ఎప్పటికీ బాగుపడదు కదా! తనంతట తాను ఆగిన కూతను బాగుపడిన గుర్తుగా తీసుకోకూడదు. కూసే నోరే పోయి ఉంటుంది. లోపలి ప్యాడు ఒక కొసన ఇనుప పలక వరకూ అరిగిపోయింది. బయటి ప్యాడు మాత్రం ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది. స్లయిడు పిన్ను ఒకటి బిగుసుకుపోయి చేతితో లాగినా కదలలేదు. డిస్కు మీద వేలికి తగిలేంత లోతు గాళ్ళు పడ్డాయి.

లెక్క వేసి ఉంటే ఏమి తెలిసేది

కూత మొదలైన రోజున కార్యదర్శి లాగ్ బుక్కు తెరిచి లెక్క కట్టి ఉంటే ఎలా ఉండేదో చూద్దాం. మొదట చాలామంది వేసే లెక్క ఇది. కొత్తవి వేసిన తరువాత 10,000 కిలోమీటర్లకు 11 నుంచి 7కు వచ్చాయి. అంటే 4 మిల్లీమీటర్లు అరిగాయి. ఒక్క మిల్లీమీటరుకు 2,500 కిలోమీటర్లు. ఈ ప్యాడు రేకు 2.5 మిల్లీమీటర్ల దగ్గర కూస్తుంది. ఈ వ్యాను పుస్తకం ప్రకారం 1.5 దగ్గర ప్యాడు మార్చి తీరాలి. మధ్యలో ఉన్నది ఒక్క మిల్లీమీటరు. కనుక 2,500 కిలోమీటర్లు, రోజుకు 120 చొప్పున 20 రోజులు ఉన్నాయన్నమాట.

ఈ లెక్కలో కూడికా తీసివేతా సరిగానే ఉన్నాయి. అయినా ఆ 20 రోజులు నిజం కాదు. ఎందుకంటే ఆ వేగంతోనే అరుగుతూ ఉంటే కూత ఎప్పుడు రావాలి? 11 నుంచి 2.5 వరకు 8.5 మిల్లీమీటర్లు అరగాలి. మిల్లీమీటరుకు 2,500 చొప్పున 21,250 కిలోమీటర్లు పడుతుంది. అంటే 69,250 దగ్గర కూత రావాలి. వచ్చింది 61,900 దగ్గర. ఏడు వేల కిలోమీటర్లకు పైగా ముందే వచ్చింది. ముందుగా వచ్చిన కూత రెండు సంగతులు చెబుతుంది. ప్యాడు పలచబడిందనేది మొదటిది. ఈ మధ్య అరుగుదల వేగం పెరిగిందనేది రెండవది.

కాబట్టి పాత వేగాన్ని వదిలి, చివరి వేగాన్ని పట్టుకోవాలి. 58,000 దగ్గర 7 ఉన్నది 61,900 వచ్చేసరికి 2.5 అయింది. 3,900 కిలోమీటర్లలో 4.5 మిల్లీమీటర్లు పోయాయి. మిల్లీమీటరుకు సుమారు 870 కిలోమీటర్లు. ఆ లెక్కన 1.5 గీటుకు మిగిలింది 870 కిలోమీటర్లు, అంటే ఏడు రోజులు. మొత్తం 2.5 మిల్లీమీటర్లూ అయిపోవడానికి సుమారు 2,170 కిలోమీటర్లు, అంటే 18 రోజులు. నిజానికి ఇనుము తగిలింది 1,920 కిలోమీటర్లకు, 16వ రోజున. ప్యాడు ఏటవాలుగా అరిగి ఒక కొస ముందే అయిపోయింది కనుక రెండు రోజులు తగ్గాయి.

మొదటి లెక్క 20 రోజులు క్షేమమన్నది, బండి 16వ రోజునే ఆగింది. రెండవ లెక్క ఏడు రోజుల్లో మార్చమన్నది. రెండూ అదే లాగ్ బుక్కులోని అంకెలే. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే: అనుకున్న సమయానికి వచ్చిన కూతకు మిగిలిన దూరం ఎక్కువ, అనుకున్నదానికంటే ముందు వచ్చిన కూతకు మిగిలిన దూరం తక్కువ. ముందుగా వచ్చిందంటే ప్యాడ్లు మార్చితే చాలదు. వేగంగా అరగడానికి కారణమైన పిన్నునో, వెనక్కు రాని పిస్టనునో సరిచేయాలి. లేకపోతే కొత్త ప్యాడ్లు కూడా అదే దారి పడతాయి.

లైటు చెప్పేది ఏమిటి

ఇక లైటు సంగతి. ప్యాడు అరుగుదల చూపడానికే ప్రత్యేకంగా ఒక లైటు ఉండే వాహనాలు ఉన్నాయి. కాని అవి ఎక్కువగా ఖరీదైన కార్లు. హిందూపురంలో నాకు తెలిసిన ఒకరి పాత కారులో అది ఉంది. ఆ లైటు గుర్తు ఒక వృత్తం, దానికి రెండు వైపులా తెగిన గీతల వంపులు. సాధారణంగా పసుపు రంగులో వెలుగుతుంది. ప్యాడులో ఒక లోతున చిన్న వైరు పొదిగి ఉంటుంది. ప్యాడు అంతవరకు అరిగినప్పుడు డిస్కు ఆ వైరును కూడా అరగదీస్తుంది. దానితో మీటరులో లైటు వెలుగుతుంది.

ఈ లైటుకు కూతకంటే ఒక సౌకర్యం ఉంది. ఇంజను హోరులో కూత వినిపించకపోవచ్చు, లైటు కంటికి కనిపిస్తుంది. దాని లోపాలు దానికీ ఉన్నాయి. చాలా కార్లలో ఆ వైరు నాలుగు చక్రాలకూ ఉండదు, ముందు ఒక చక్రానికి, వెనుక ఒక చక్రానికి మాత్రమే ఉంటుంది. వైరులేని చక్రంలో పిన్ను బిగుసుకుంటే లైటు వెలగకముందే ఆ ప్యాడు అయిపోవచ్చు. ఆ హిందూపురం కారులో లైటు వెలిగిన రోజున వైరున్న ప్యాడు 3 మిల్లీమీటర్లు ఉంటే, అవతలి చక్రంలోని లోపలి ప్యాడు 2 మాత్రమే ఉంది. ఇంకొకటి, రాయి తగిలి వైరు తెగినా ఇదే లైటు వెలుగుతుంది. ప్యాడ్లు కొలిస్తే మందంగానే ఉంటాయి. అప్పుడు తప్పు వైరుదని తెలుస్తుంది. కొలవకుండా "వైరే తెగి ఉంటుందిలే" అనుకోవడం మాత్రం పొరపాటు.

మన పికప్ వ్యాన్లలో చాలావాటికి ఈ పసుపు లైటు ఉండదు. ఉండేది వృత్తంలో ఆశ్చర్యార్థకం గుర్తున్న ఎర్ర లైటు. దానికి రెండు పనులు. హ్యాండుబ్రేకు వేసి ఉన్నప్పుడు వెలుగుతుంది, బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం తగ్గినప్పుడు వెలుగుతుంది. అది ప్యాడు లైటు కాదు. అయినా ప్యాడుతో దానికి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం తెలియకనే ధర్మవరం వైపు ఒక సంఘంలో పొరపాటు జరిగింది.

ధర్మవరం వ్యానులో ఆయిలు పోసిన ముచ్చట

ప్యాడు అరిగేకొద్దీ పిస్టను బయటికి జరుగుతుంది. పిస్టను వెనుక ఖాళీని నింపడానికి డబ్బాలోని ఆయిలు కిందికి దిగుతుంది. అందుచేత ఎక్కడా కారకపోయినా, ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం మెల్లమెల్లగా తగ్గుతుంది. పై గీటు నుంచి కింది గీటుకు దగ్గరపడేసరికి మలుపు తిరిగినప్పుడో బ్రేకు వేసినప్పుడో ఆయిలు ఒక పక్కకు ఒరిగి లైటు మినుకుమినుకుమంటుంది. మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిన ఆయిలు, మలుపుల దగ్గర మినుకుమనే ఎర్ర లైటు ప్యాడ్లు పలచబడ్డాయనడానికి మంచి సాక్ష్యాలు.

ధర్మవరం వ్యానులో ఎర్ర లైటు ఇలాగే మినుకుమన్నది. ఎవరో పెట్రోలు బంకు దగ్గర బ్రేకు ఆయిలు కొని పై గీటు వరకు పోశారు. లైటు పోయింది. అందరూ సంతోషించారు. వాళ్ళు నిజానికి చేసినది సాక్షి నోరు మూయించడం. ప్యాడ్లు అరుగుతూనే ఉన్నాయి, కాని ఈసారి లైటు వెలగడానికి ఆయిలు మిగులుగా ఉంది. ఆ వ్యానులో చవక రకం ప్యాడ్లు వేశారు, వాటికి కూత రేకే లేదు. ఆ సంఘం అదృష్టం బాగుండి టైరు మార్చేటప్పుడు ఒక మెకానిక్కు చూశాడు. లోపలి ప్యాడు ఒక్క మిల్లీమీటరు ఉంది. కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లను లోపలికి నొక్కగానే డబ్బాలో ఎక్కువైన ఆయిలు పొంగి పెయింటు మీద కారింది. బ్రేకు ఆయిలు పెయింటును తినేస్తుంది. ఆ మచ్చ నేటికీ బానెట్ పక్కన ఉంది.

అందువల్ల నియమం ఇది. ఎర్ర లైటు వెలిగితే మొదట హ్యాండుబ్రేకు పూర్తిగా దించారా అని చూడాలి. తరువాత డబ్బా మట్టం చూడాలి. తగ్గి ఉంటే ఆయిలు పోసే ముందు ప్యాడ్లు కొలవాలి. ప్యాడ్లు పలచగా ఉంటే మట్టం తగ్గడానికి కారణం దొరికినట్టే. ప్యాడ్లు, వెనుక షూలు మందంగా ఉండి కూడా ఆయిలు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు.

వెనుక చక్రాల డ్రమ్ములోని షూలకు సాధారణంగా కూత రేకు ఉండదు, లైటూ ఉండదు. ముందు ప్యాడ్లు కొలిచిన రోజునే, వీలైనంతవరకు, వెనుక డ్రమ్ములు కూడా విప్పించి చూడడం మంచిది.

చివరి మిల్లీమీటరు ఎందుకు ప్రమాదం

"ఇనుము తగిలేదాకా బ్రేకు పడుతూనే ఉంటుంది కదా, 1.5 దగ్గరే ఎందుకు ఆపాలి?" అని పెనుకొండ కార్యదర్శి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు వేడిలో ఉంది. బండి వేగమంతా బ్రేకు దగ్గర వేడిగా మారుతుంది. గరుకు పదార్థం మందంగా ఉన్నంతకాలం ఆ వేడి పిస్టను వైపు పోకుండా అడ్డుపడుతుంది. పలచబడితే వేడి ఇనుప పలకలోకి, అక్కడి నుంచి పిస్టనులోకి, దాని వెనుక ఉన్న ఆయిలులోకి దిగుతుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకుండా ఉండాలని ప్రమాణం. కాని ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన తరువాత ఆ ప్రమాణం 140 డిగ్రీలకు దిగుతుంది. ఏళ్ళ తరబడి మార్చని ఆయిలు, పలచబడిన ప్యాడు, 1500 కిలోల పాలు, పల్లం దారి కలిస్తే ఆయిలు మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిలులా బుడగ ఒత్తిడిని మోయదు, నలిగిపోతుంది. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు.

రెండవ కారణం పిస్టను. ప్యాడు పూర్తిగా పోయి డిస్కు కూడా అరిగితే పిస్టను తన హద్దుకు మించి బయటికి వస్తుంది. దాని సీలు దగ్గర ఆయిలు కారిపోవచ్చు. ఇప్పటి వాహనాల్లో బ్రేకు ఆయిలు దారులు రెండుగా ఉంటాయి కనుక ఒకటి పోయినా రెండవది పనిచేస్తుంది. కాని నిండు లోడుతో సగం బ్రేకు మీద బండి ఆపవలసి వస్తుంది. ఖర్చు మాటకు వస్తే, పెనుకొండ సంఘం ప్యాడ్లతో పోయేదానికి డిస్కులు, కాలిపరు పిన్నులు, సీళ్ళు కూడా కొన్నది. ఆ రోజు 30 క్యాన్ల పాలు ఎండలో రోడ్డు పక్కన ఉండిపోయాయి. వేరే బండి వచ్చేసరికి కొన్ని క్యాన్లు పుల్లబడి శీతలీకరణ కేంద్రంలో తిరస్కరించబడ్డాయి. ఆ నష్టం పాలు పోసిన సభ్యులదే.

అయితే ఎంత దూరం నడపవచ్చు

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి మూడు సందర్భాలు ఏర్పడతాయి.

కూతగాని ప్యాడు లైటుగాని వచ్చింది, కాని కొలవలేదు. అప్పుడు ఎవరూ కిలోమీటర్లు చెప్పలేరు. చెప్పినవారి మాట నమ్మనక్కరలేదు. పెడల్ గట్టిగా, ఎత్తుగానే ఉండి, బండి ఒక పక్కకు లాగకుండా ఉంటే ఆ ట్రిప్పు నిదానంగా పూర్తిచేసి, సాయంత్రమే చక్రం విప్పించాలి. ఆ ట్రిప్పులో వేగం 40 దాటకుండా చూడాలి. 60 నుంచి ఆపితే పుట్టే వేడిలో సగం కూడా 40 నుంచి ఆపినప్పుడు పుట్టదు. పల్లంలో గేరు తగ్గించి ఇంజను పట్టుతో దిగాలి.

కొలిచారు, రెండు చక్రాలలోనూ లోపలి, బయటి ప్యాడ్లు సమానంగా ఉన్నాయి, కూత కూడా అనుకున్న సమయానికే వచ్చింది. అప్పుడు మాత్రమే లాగ్ బుక్కు లెక్క పనికివస్తుంది. ఉన్న మందంలో 1.5 తీసివేసి, చివరి అరుగుదల వేగంతో హెచ్చించాలి. వచ్చిన దాంట్లో సగాన్నే గడువుగా పెట్టుకోవాలి. మిగతా సగం మన కొలత పొరపాట్లకు, విడిభాగాలు దొరకడంలో ఆలస్యానికి వదిలివేయాలి. గడువులోగా ఒక చక్రానివే కాక, రెండు ముందు చక్రాల ప్యాడ్లూ ఒకేసారి మార్చాలి. అంచనా గీటు మీ వ్యాను పుస్తకంలో 1.5 కాక 2 అని ఉంటే దాన్నే తీసుకోండి.

గరగర వచ్చింది, పెడల్ మెత్తబడింది లేదా లోతుకు పోతున్నది, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతున్నది, లేదా ప్యాడ్లు మందంగా ఉండీ ఆయిలు తగ్గింది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగిలిన దూరం సున్న. ఉన్నచోటనే బండి ఆపి, క్యాన్లను మరొక బండిలోకి మార్చి పంపాలి.

లాగ్ బుక్కులో ఒక కొత్త గడి

ఈ లెక్కంతా కుదరాలంటే అంకెలు కావాలి. పెనుకొండ సంఘంలో 58,000 దగ్గర మెకానిక్కు కొలిచి రాశాడు కాబట్టి మనం కారణం తేల్చగలిగాము. చాలా సంఘాల లాగ్ బుక్కుల్లో "బ్రేకు చూడబడినది" అని మాత్రమే ఉంటుంది. ఆ మాటతో లెక్క కట్టలేము.

కార్యదర్శులు లాగ్ బుక్కు చివరి పేజీలో ఒక పట్టీ గీయించుకోవాలి. తేదీ, ఓడోమీటరు, ఎడమ లోపలి ప్యాడు, ఎడమ బయటి ప్యాడు, కుడి లోపలి, కుడి బయటి, ఆయిలు మట్టం అని ఏడు గడులు చాలు. ప్రతి 5,000 కిలోమీటర్లకు ఒకసారి, రోజుకు 120 తిరిగే బండికి ఆరు వారాలకొకసారి, ఉక్కు స్కేలుతో కొలిచి రాయించాలి. లోపలికీ బయటికీ 2 మిల్లీమీటర్లకు మించి తేడా కనిపిస్తే కూత కోసం ఎదురుచూడకుండా పిన్నులు విప్పించి, శుభ్రం చేయించి, బ్రేకు పిన్నులకు వాడే గ్రీజు పెట్టించాలి. ఆయిలు పోస్తే ఎప్పుడు, ఎంత పోశారో అదే పట్టీలో రాయాలి. డ్రైవరు కూత విన్న రోజునే కాక, కూత ఆగిన రోజున కూడా రాయాలి. ఆగిన రోజునే చక్రం విప్పాలి.

పెనుకొండ సంఘం వ్యానులో ఇప్పుడు ఆ పట్టీ ఉంది. గత తనిఖీలో చూశాను. కొత్త ప్యాడ్లు వేసి 5,000 కిలోమీటర్లయింది. ఎడమ లోపలి 9, బయటి 9, కుడి లోపలి 9, బయటి 9 అని ఉంది. డ్రైవరు స్వయంగా కొలిచి రాసిన అంకెలవి. ఇనుప పలకను వదిలి కొలిచావా అని అడిగితే, "వదిలే కొలిచినా సార్, మీరే విప్పి చూడండి" అన్నాడు. విప్పి చూశాను. సరిగానే ఉంది.